ఫార్వార్డింగ్ పెట్టినా లోడ్ తర్వాత పైప్‌లైన్ ఎందుకు ఆగుతుంది: చేతితో లెక్కవేసి, హార్డ్‌వేర్‌లో కట్టి చూద్దాం

ఐదు లైన్ల రిస్క్-ఫైవ్ ప్రోగ్రామ్ ఒకటి తీసుకుని, చివరిదాకా దాన్నే పట్టుకుని నడుద్దాం.

```
lw  x5, 0(x10)
lw  x6, 4(x10)
sub x7, x5, x6
lw  x8, 8(x10)
add x9, x7, x8
```

x10లో 0x10000000 అనే అడ్రస్ ఉందనుకోండి. మెమరీలో అక్కడి నుంచి వరుసగా 40, 15, 7 ఉన్నాయి. 40లోంచి 15 తీసేస్తే 25, దానికి 7 కలిపితే 32. అంటే x7లో 25, x9లో 32 రావాలి. మన ప్రాసెసర్ క్లాసుల్లో చెప్పే మామూలు ఐదు స్టేజీల పైప్‌లైన్: ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్, మెమరీ, రైట్‌బ్యాక్. కింద గీసే పట్టికల్లో వీటినే IF, ID, EX, MEM, WB అని రాస్తాను.

ఇలాంటి ప్రశ్న గేట్ పరీక్షలో వస్తే చాలామంది "లోడ్ తర్వాత వాడకం ఉంటే ఒక స్టాల్" అన్న సూత్రం గుర్తుపెట్టుకుని మార్కులు తెచ్చుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ అదే పైప్‌లైన్‌ను వెరిలాగ్‌లో రాయాల్సి వచ్చినప్పుడు, స్టేజీలు కాస్త మారిన ప్రాసెసర్ ఎదురైనప్పుడు ఆ సూత్రం ఒక్కటే చాలదు. ఆ ఒక్క సైకిల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి.

## మొదటి మెట్టు: ప్రతి విలువకూ రెండు సమయాలు రాసుకోండి

డేటా హజార్డ్ అంటే సూటిగా చెప్పాలంటే ఇది: ముందు ఇన్‌స్ట్రక్షన్ ఒక రిజిస్టర్‌లో రాయాల్సిన విలువ, వెనక ఇన్‌స్ట్రక్షన్ చదివే సమయానికి ఇంకా అక్కడికి చేరలేదు. ఇన్‌స్ట్రక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా ముగిసే యంత్రంలో ఈ గొడవే ఉండదు. పైప్‌లైన్‌లో ముందుది ఎగ్జిక్యూట్‌లో ఉండగానే వెనకది డీకోడ్‌లోకి వచ్చి రిజిస్టర్లు చదివేస్తుంది కాబట్టే ఈ తిప్పలు.

హజార్డ్ కనబడగానే స్టాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. ముందు కాగితం మీద రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఆ విలువ నిజంగా ఏ సైకిల్ చివర తయారవుతుంది? వాడుకునే ఇన్‌స్ట్రక్షన్‌కు అది ఏ సైకిల్ మొదట్లో కావాలి? రిజిస్టర్‌లోకి ఎప్పుడు చేరుతుందన్నది మూడో సంగతి. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

`add`, `sub`, `addi` లాంటి వాటి ఫలితం ఎగ్జిక్యూట్ చివరికల్లా ఏఎల్‌యూ దగ్గర సిద్ధం. రిజిస్టర్‌లోకి రాసేది రైట్‌బ్యాక్‌లో, అంటే ఇంకో రెండు స్టేజీల తర్వాత. ఆ మధ్యకాలంలో విలువ లేదని కాదు. పైప్‌లైన్ రిజిస్టర్లలో దారిలో ఉంది, గమ్యం చేరలేదు, అంతే. `lw` సంగతి వేరు. దాని ఎగ్జిక్యూట్ స్టేజీలో ఏఎల్‌యూ చేసేది అడ్రస్ లెక్క మాత్రమే. అసలు డేటా మెమరీ స్టేజీ చివరికి గానీ బయటికి రాదు.

మొత్తం కథ ఈ తేడాలోనే ఉంది. దారిలో ఉన్న విలువను అడ్డదారిన తెచ్చుకోవచ్చు, దానికే ఫార్వార్డింగ్ అని పేరు. ఇంకా పుట్టని విలువను ఎన్ని వైర్లు వేసినా తేలేం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

## రెండో మెట్టు: ఫార్వార్డింగ్ దారులు వేయండి

ముందు ఫార్వార్డింగ్ అసలు లేదనుకుందాం. రిజిస్టర్ ఫైల్ సైకిల్ మొదటి సగంలో రాస్తుంది, రెండో సగంలో చదువుతుంది. కాబట్టి ఒకే సైకిల్‌లో ముందున్నది రైట్‌బ్యాక్‌లో, వెనకున్నది డీకోడ్‌లో ఉన్నా పర్వాలేదు. ఈ ఏర్పాటులో పక్కపక్కన ఉన్న రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్య సంబంధం ఉంటే రెండు సైకిళ్లు ఆగాలి. మన ప్రోగ్రామ్‌లో `sub` దగ్గర రెండు, `add` దగ్గర రెండు, మొత్తం నాలుగు స్టాళ్లు. అసలు స్టాల్ లేకపోతే ఐదు ఇన్‌స్ట్రక్షన్లకు 5 + 4 = 9 సైకిళ్లు పట్టాలి, ఇప్పుడు 13 అవుతాయి.

ఫార్వార్డింగ్ అంటే ఏఎల్‌యూ రెండు ఇన్‌పుట్ల ముందూ చెరో మక్స్ పెట్టడం. ఒక్కో మక్స్‌కు మూడు దారులు: రిజిస్టర్ ఫైల్ నుంచి మామూలుగా వచ్చేది, ఒక్క అడుగు ముందున్న ఇన్‌స్ట్రక్షన్ ఫలితం, రెండు అడుగుల ముందున్న ఇన్‌స్ట్రక్షన్ ఫలితం. ఒక్క అడుగు ముందున్నది ఎగ్జిక్యూట్‌కూ మెమరీకీ మధ్య ఉన్న పైప్‌లైన్ రిజిస్టర్‌లో దొరుకుతుంది. రెండు అడుగుల ముందున్నది మెమరీకీ రైట్‌బ్యాక్‌కూ మధ్య ఉన్నదాంట్లో దొరుకుతుంది. ఏ దారి ఎంచుకోవాలో తేల్చే లాజిక్ ఇంతే:

```verilog
wire ex_hit_a  = exmem_regwrite && (exmem_rd != 0)
                 && (exmem_rd == idex_rs1);
wire mem_hit_a = memwb_regwrite && (memwb_rd != 0)
                 && (memwb_rd == idex_rs1);

assign fwd_a = ex_hit_a  ? 2'b10 :
               mem_hit_a ? 2'b01 : 2'b00;
```

రెండో ఇన్‌పుట్‌కు కూడా ఇదే, `idex_rs1` బదులు `idex_rs2` రాస్తే చాలు. ఇందులో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. రెండింటికీ చిన్న పరీక్షలు ఉన్నాయి, ముందే రాసి పెట్టుకోండి.

ఒకటి, ప్రాధాన్యం. రెండు దారుల్లోనూ ఒకే రిజిస్టర్ నంబర్ ఉంటే దగ్గరున్న ఇన్‌స్ట్రక్షన్‌దే తాజా విలువ. ఈ మూడు లైన్లు నడిపి చూడండి:

```
addi x5, x0, 1
addi x5, x5, 2
addi x5, x5, 3
```

x5లో 6 రావాలి. 4 వచ్చిందంటే మూడో లైన్ రెండోదాన్ని వదిలేసి మొదటిదాని నుంచి 1 తెచ్చుకుందన్నమాట. ప్రాధాన్యం తలకిందులైంది.

రెండోది x0. రిస్క్-ఫైవ్‌లో x0 ఎప్పుడూ సున్నాయే, దాంట్లో ఏం రాసినా నిలవదు. కానీ దారిలో ఉన్న విలువకు ఆ సంగతి తెలియదు కదా. `addi x0, x0, 9` వెనకే `add x6, x0, x0` పెట్టండి. x6లో సున్నా కాకుండా 18 కనిపిస్తే పై కోడ్‌లోని `!= 0` షరతు ఎక్కడో జారిపోయింది.

ఇంకో మాట. మూడు అడుగుల దూరంలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌కు ఫార్వార్డింగ్ దారి లేదు. అక్కడ పని నడిచేది "మొదటి సగంలో రాత, రెండో సగంలో చదువు" అన్న ఏర్పాటు మీదే. మీ వెరిలాగ్ రిజిస్టర్ ఫైల్ క్లాక్ అంచు మీద మామూలుగా రాసేదైతే ఆ హామీ ఉండదు. అదే సైకిల్‌లో చదివినవాడికి పాత విలువ వస్తుంది. పక్కపక్కన పెట్టిన పరీక్షలన్నీ పాసై, మధ్యలో రెండు `nop`లు పెట్టిన పరీక్ష మాత్రం ఫెయిలైతే ఇదే కారణం. రాస్తున్న నంబరూ చదువుతున్న నంబరూ ఒకటే అయితే, రాస్తున్న విలువను నేరుగా బయటికి ఇచ్చే చిన్న బైపాస్‌ను రిజిస్టర్ ఫైల్ లోపలే పెట్టేస్తే సరిపోతుంది.

## మూడో మెట్టు: లోడ్ దగ్గర స్టాల్ పెట్టకుండా వదిలేసి చూడండి

సాధారణంగా ఇక్కడ హజార్డ్ డిటెక్షన్ యూనిట్ గురించి చెప్పేసి ముందుకు పోతారు. మనం మాత్రం దాన్ని కావాలనే కట్టకుండా, ఫార్వార్డింగ్ ఒక్కదానితోనే మన ఐదు లైన్లనూ నడిపిద్దాం. ఏం తప్పు జరుగుతుందో కళ్లతో చూస్తే స్టాల్ ఎందుకో మళ్లీ మర్చిపోరు.

ఐదో సైకిల్‌లో `sub` ఎగ్జిక్యూట్‌లోకి వస్తుంది. దానికి x5, x6 కావాలి. మొదటి `lw` అప్పటికి రైట్‌బ్యాక్‌లో ఉంది, కాబట్టి x5 విలువ 40 సరిగ్గానే దొరుకుతుంది. రెండో `lw` మెమరీ స్టేజీలో ఉంది. దాని ముందున్న పైప్‌లైన్ రిజిస్టర్‌లో `rd` చూస్తే x6, రాత సిగ్నల్ 1. మన ఫార్వార్డింగ్ లాజిక్ దృష్టిలో షరతులన్నీ కలిశాయి. అందుకని అక్కడున్న విలువను తెచ్చి ఏఎల్‌యూ చేతికిస్తుంది.

కానీ అక్కడున్నది x6 విలువ కాదు, `lw` లెక్కవేసిన అడ్రస్, 0x10000004. కాబట్టి `sub` చేసేది 40 − 15 కాదు, 0x28 − 0x10000004. x7లో 0xF0000024 పడుతుంది.

ఇక `add` సంగతి. దానికి x8 కావాలి, ఒక్క అడుగు ముందున్న `lw` నుంచి మళ్లీ డేటాకు బదులు అడ్రసే వస్తుంది: 0x10000008. రెండు అడుగుల ముందున్న `sub` నుంచి 0xF0000024 వస్తుంది. రెండూ కలిపితే 32 బిట్లు దాటిపోయిన ఒకటి రాలిపోయి 0x0000002C మిగులుతుంది, అంటే 44.

రావాల్సింది 32, వచ్చింది 44. చూడటానికి మామూలు సంఖ్యే. ఎక్కడో లెక్క తప్పానేమో, మెమరీలో విలువలు తప్పుగా పెట్టానేమో అని గంటలు వెతికేలా చేసే రకం. ఒకసారి తీసివేత, ఒకసారి కూడిక జరిగి 0x10000000 తనకు తానే రద్దైపోయింది, అందుకే జాడ దొరకలేదు. మధ్యలోని x7 చూస్తే మాత్రం 0xF0000024 వెంటనే కళ్లకు గుచ్చుకుంటుంది. అందుకే లోడ్ హజార్డ్‌ను పరీక్షించేటప్పుడు చివరి ఫలితం ఒక్కటే సరిచూసుకోవడం నాకు నచ్చదు. లోడ్ వెనకే వచ్చిన ప్రతి ఇన్‌స్ట్రక్షన్ ఫలితాన్నీ విడిగా చూడాలి. డేటా ఉండాల్సిన చోట అడ్రస్‌లా కనిపించే సంఖ్య ఉంటే జబ్బు ఇదేనని తేల్చుకోవచ్చు.

దీన్ని చూసిన వెంటనే తట్టే ఆలోచన ఒకటుంది: ముందున్నది లోడ్ అయితే ఆ ఫార్వార్డింగ్ దారిని మూసేస్తే సరిపోదా? సరిపోదు. అప్పుడు అడ్రస్ బదులు రిజిస్టర్ ఫైల్‌లోని పాత x6 వస్తుంది. తప్పు రూపం మారుతుంది గానీ తప్పు పోదు. ఎందుకంటే ఐదో సైకిల్ మొదట్లో 15 అనే విలువ ప్రాసెసర్ లోపల ఏ వైరు మీదా, ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అది మెమరీలోంచి బయటపడేది ఐదో సైకిల్ చివర్లో.

## నాలుగో మెట్టు: ఒక్క సైకిల్ ఆపండి, సరిగ్గా ఆపండి

లోడ్ ఎగ్జిక్యూట్‌లో ఉండగానే, దాని వెనక డీకోడ్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ అదే రిజిస్టర్‌ను చదువుతోందా అని చూడాలి. అంతకన్నా ఆలస్యమైతే ఆపడానికి వీలుండదు.

```verilog
assign stall = idex_memread && (idex_rd != 0) &&
               ((use_rs1 && (idex_rd == ifid_rs1)) ||
                (use_rs2 && (idex_rd == ifid_rs2)));
```

`stall` ఒకటి అయిన సైకిల్‌లో మూడు పనులు జరగాలి. ప్రోగ్రామ్ కౌంటర్ కదలకూడదు. ఫెచ్‌కూ డీకోడ్‌కూ మధ్య ఉన్న పైప్‌లైన్ రిజిస్టర్ కదలకూడదు. డీకోడ్‌కూ ఎగ్జిక్యూట్‌కూ మధ్య ఉన్నదాంట్లోకి మాత్రం రిజిస్టర్ రాత, మెమరీ రాత, మెమరీ చదువు, బ్రాంచ్ సిగ్నళ్లన్నీ సున్నా చేసి పంపాలి. ఆ ఖాళీ గడినే బబుల్ అంటారు.

ఈ మూడింట్లో ఏది మర్చిపోయారో లక్షణాన్ని బట్టి చెప్పేయొచ్చు. ఆగాల్సిన రెండు రిజిస్టర్లనూ ఆపకపోతే ఒక ఇన్‌స్ట్రక్షన్ మాయమవుతుంది, దాని ఫలితం ఎక్కడా కనబడదు. ఆపి, బబుల్ మాత్రం వేయకపోతే అదే ఇన్‌స్ట్రక్షన్ రెండుసార్లు నడుస్తుంది. మన `sub` లాంటిదానికి ఇది బయటపడదు, రెండోసారి సరైన విలువ వచ్చి మొదటి తప్పును కప్పేస్తుంది. `add x6, x6, x5` లాంటి మొత్తం కూడే లైన్ అయితే ఒకటికి రెండుసార్లు కలిసిపోయి బండారం బయటపడుతుంది. ఇక బబుల్ వేయాల్సిన చోట ఆ రిజిస్టర్‌ను కూడా ఆపేశారనుకోండి, లోడ్ ఎగ్జిక్యూట్‌లోనే కూర్చుండిపోతుంది, `stall` ఎప్పటికీ ఒకటిగానే ఉంటుంది. వేవ్‌ఫామ్‌లో ప్రోగ్రామ్ కౌంటర్ ఒకే విలువ దగ్గర గడ్డకట్టుకుపోతే ముందుగా ఇక్కడే చూడండి.

`use_rs1`, `use_rs2` ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. చాలా చోట్ల ఇవి లేకుండానే రాస్తారు, ఫలితం కూడా సరిగ్గానే వస్తుంది. కానీ `lw x5, 0(x10)` వెనక `addi x6, x7, 5` ఉంటే ఏమవుతుందో చూడండి. `addi`కి రెండో సోర్స్ రిజిస్టర్ లేదు, ఆ బిట్ల స్థానంలో ఇమీడియట్ విలువ ఉంటుంది. 5 అనే ఇమీడియట్‌లోని కింది ఐదు బిట్లు 00101. సరిగ్గా rs2 ఉండాల్సిన చోట అవి కూర్చుంటాయి కాబట్టి హార్డ్‌వేర్ కంటికి అది x5లా కనిపిస్తుంది. సంబంధం లేని ఇన్‌స్ట్రక్షన్ కోసం ఒక సైకిల్ వృథా. ఇమీడియట్ 6 చేస్తే స్టాల్ మాయం! ఫలితం తప్పు కాదు కాబట్టి మామూలు పరీక్షల్లో ఇది దొరకదు, సైకిళ్లు లెక్కపెట్టిన వాళ్లకే దొరుకుతుంది.

ఇప్పుడు మన ప్రోగ్రామ్ పట్టిక:

```
            1   2   3   4   5   6   7   8   9   10  11
lw  x5      IF  ID  EX  MEM WB
lw  x6          IF  ID  EX  MEM WB
sub x7              IF  ID  ID  EX  MEM WB
lw  x8                  IF  IF  ID  EX  MEM WB
add x9                          IF  ID  ID  EX  MEM WB
```

`sub` డీకోడ్‌లో రెండు సైకిళ్లు ఉంది. ఆరో సైకిల్‌లో ఎగ్జిక్యూట్‌లోకి వచ్చేసరికి రెండో `lw` రైట్‌బ్యాక్‌లో ఉంది, 15 చేతికందింది. అంటే స్టాల్ పెట్టినా ఫార్వార్డింగ్ అవసరం పోలేదు. స్టాల్ చేసిందల్లా ఆ విలువ పుట్టేదాకా ఆగడం, తెచ్చి ఇచ్చింది మాత్రం ఫార్వార్డింగే. `add` దగ్గరా ఇదే కథ. మొత్తం 11 సైకిళ్లు. ఫార్వార్డింగ్ లేనప్పుడు అయిన 13తో పోలిస్తే రెండు మిగిలాయి.

ఇదంతా తెర మీద కదులుతుంటే చూడాలంటే రైప్స్ అనే ఉచిత రిస్క్-ఫైవ్ సిమ్యులేటర్ బాగుంటుంది. అందులో ఐదు స్టేజీల ప్రాసెసర్‌ను ఫార్వార్డింగ్‌తో ఒకసారి, అది లేకుండా ఒకసారి ఎంచుకుని ఇదే ప్రోగ్రామ్‌ను నడిపి, పైప్‌లైన్ పట్టికను మీరు చేత్తో గీసినదాంతో సరిచూసుకోవచ్చు.

## ఆ సైకిల్ కూడా ఎందుకు, ఇంకో వైరు వేస్తే పోదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. మెమరీ నుంచి డేటా బయటికి రాగానే, అదే సైకిల్‌లో తిన్నగా ఏఎల్‌యూలోకి పంపొచ్చు కదా? పంపొచ్చు. వైరు వేయడం సాధ్యమే. దాని ధర ఎక్కడ పడుతుందో చూడాలి.

లెక్క కోసం మెమరీ చదవడానికి 200 పికోసెకన్లు, ఏఎల్‌యూకి 200 పికోసెకన్లు అనుకుందాం. స్టేజీలు విడిగా ఉన్నప్పుడు క్లాక్ 200 పికోసెకన్లకు కొట్టొచ్చు. మెమరీ నుంచి ఏఎల్‌యూకి అదే సైకిల్‌లో దారి వేస్తే ఆ రెండూ ఒకే సైకిల్‌లో పూర్తి కావాలి, క్లాక్ 400కి పెరుగుతుంది. అదీ ఒక్క లోడ్ జంట కోసం కాదు, నడిచే ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కూ. 100 ఇన్‌స్ట్రక్షన్లలో 10 చోట్ల స్టాల్ పడిందనుకుంటే 110 సైకిళ్లు, ఒక్కోటి 200 చొప్పున 22,000 పికోసెకన్లు. స్టాల్ లేకుండా, క్లాక్ నెమ్మదించి నడిపితే 100 సైకిళ్లు, ఒక్కోటి 400 చొప్పున 40,000. పది చోట్ల ఆగడం తప్పించబోయి మొత్తం ప్రయాణాన్నే దాదాపు రెట్టింపు చేసుకున్నట్టు.

మరి స్టేజీల వరుసే మార్చేస్తే? అడ్రస్ లెక్క కోసం ముందుగానే ఒక స్టేజీ పెట్టి, మెమరీ చదివాక గానీ అసలు కూడికలు, తీసివేతలు చేయకుండా పైప్‌లైన్‌ను అమర్చవచ్చు. అప్పుడు లోడ్ వెనకే కూడిక వచ్చినా ఆగక్కర్లేదు. 1989లో వచ్చిన ఇంటెల్ 486లో, 1993 నాటి పెంటియంలో అడ్రస్ లెక్క ఇలా ముందు స్టేజీలోనే జరిగిపోయేది. కానీ అక్కడ మరో చోట దెబ్బ తగిలింది. ముందు ఇన్‌స్ట్రక్షన్ మార్చిన రిజిస్టర్‌ను వెనకది అడ్రస్‌గా వాడితే, అడ్రస్ లెక్క తొందరగా జరుగుతుంది కాబట్టి విలువ ఇంకా సిద్ధంగా ఉండదు. ఆ ప్రాసెసర్లకు కోడ్ రాసినవాళ్లు దీన్ని ఏజీఐ స్టాల్ అనేవారు. ఇక్కడ తప్పించుకున్న సైకిల్ అక్కడ ఎదురైంది. మొదటి మెట్టులో చెప్పిన రెండు ప్రశ్నలు ఇలాంటి యంత్రానికి కూడా పనికొస్తాయి, పుట్టే సమయం, కావాల్సిన సమయం మారతాయి అంతే.

## ఐదో మెట్టు: వరుస మార్చి స్టాల్‌ను దాచండి

ఆ సైకిల్‌ను తీసేయలేం గానీ, అందులో మరో పని చేయించొచ్చు. లోడ్‌కూ దాని వాడకానికీ మధ్య సంబంధం లేని ఇన్‌స్ట్రక్షన్ ఒకటి తెచ్చి పెడితే చాలు. మన ప్రోగ్రామ్‌లో మూడో `lw` ఎవరి మీదా ఆధారపడలేదు. దాన్ని `sub` పైకి జరపండి.

```
lw  x5, 0(x10)
lw  x6, 4(x10)
lw  x8, 8(x10)
sub x7, x5, x6
add x9, x7, x8
```

ఒక్క లైన్ కదిలితే రెండు స్టాళ్లూ పోయాయి. `sub`కి x6 రెండు అడుగుల ముందు నుంచి అందుతుంది. `add`కి x7 ఒక్క అడుగు ముందున్న `sub` నుంచి, x8 రెండు అడుగుల ముందున్న `lw` నుంచి, రెండు మక్స్‌లూ ఒకే సైకిల్‌లో రెండు వేర్వేరు దారుల్లోంచి తెచ్చుకుంటాయి. మొత్తం 9 సైకిళ్లు, ఇంతకన్నా తగ్గదు.

ఈ పని ఇప్పుడు కంపైలర్ చేస్తుంది, ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే చాలు. ఒకప్పుడు కంపైలర్ చేయకపోతే కుదిరేది కాదు. మిప్స్ అన్న పేరుకు పూర్తి రూపంలోనే "ఇంటర్‌లాక్‌లు లేని పైప్‌లైన్ స్టేజీల మైక్రోప్రాసెసర్" అని ఉంది. మొదటి మిప్స్ ఆర్కిటెక్చర్‌లో లోడ్ దగ్గర ఆపే హార్డ్‌వేర్ లేదు. లోడ్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఆ విలువను వాడకూడదు, అంతే నియమం. పెట్టడానికి పనికొచ్చే లైన్ దొరక్కపోతే కంపైలర్ `nop` పెట్టేది. ఈ నియమాన్ని మిప్స్ రెండో వెర్షన్‌లోనే వదిలేశారు. నా దృష్టిలో అది మంచి నిర్ణయమే. పైప్‌లైన్ పొడవు మారినప్పుడల్లా "ఎన్ని లైన్లు ఆగాలి" అన్నది కూడా మారుతుంది, దాన్ని ప్రోగ్రామ్‌లోకి ఎక్కించేస్తే పాత ప్రోగ్రామ్ కొత్త చిప్ మెడకు గుదిబండ అవుతుంది. 1991లో వచ్చిన ఎనిమిది స్టేజీల ఆర్4000లో లోడ్ తర్వాతి ఆలస్యం ఒకటి కాదు, రెండు సైకిళ్లు.

## జరపడానికి ఏమీ లేనప్పుడు

కంపైలర్ చేతులెత్తేసే సందర్భాలు మూడు నాకు తరచూ కనిపిస్తాయి. ఒకటి, బ్రాంచ్‌ల మధ్య కోడ్ మరీ చిన్నది, మూడు నాలుగు లైన్లే. తెచ్చి పెట్టడానికి సంబంధం లేని లైన్ దొరకదు. దీనికి లూప్‌ను విప్పి రాయడం కొంతవరకు మందు.

రెండోది, మధ్యలో స్టోర్ అడ్డు ఉండటం.

```
sw  x7, 0(x12)
lw  x8, 8(x10)
add x9, x7, x8
```

`lw`ను `sw` పైకి జరిపితే స్టాల్ పోతుంది. కానీ x12లో ఉన్న అడ్రస్, x10కి 8 కలిపితే వచ్చే అడ్రస్ ఒకటే అయితే? అప్పుడు లోడ్ పాత విలువ చదివేస్తుంది, ప్రోగ్రామ్ తప్పు. రెండూ వేరని కంపైలర్‌కు రుజువు దొరకనంతవరకు అది ఆ లైన్‌ను ముట్టుకోదు. సీ భాషలో రెండు పాయింటర్లు తీసుకునే ఫంక్షన్లలో ఇది మామూలే. అవి ఒకే చోటికి చూపవని మీకు ఖాయంగా తెలిస్తే `restrict` రాయండి, కంపైలర్ చేతికట్లు విడతాయి. తెలియకుండా రాస్తే మాత్రం తప్పు మీదే.

స్టోర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మినహాయింపు కూడా చూడండి. `lw x5, 0(x10)` వెనకే `sw x5, 0(x11)` ఉంటే స్టాల్ అక్కర్లేదు. స్టోర్‌కు ఆ డేటా కావాల్సింది ఎగ్జిక్యూట్‌లో కాదు, మెమరీ స్టేజీలో. అప్పటికి లోడ్ డేటా పుట్టేసింది. మెమరీ స్టేజీ దగ్గర ఇంకో మక్స్ పెట్టి, హజార్డ్ యూనిట్‌కు ఈ సందర్భాన్ని మినహాయించమని చెబితే మెమరీ కాపీ చేసే లూపుల్లో లాభం ఉంటుంది. అయితే x5 స్టోర్‌లో డేటాగా కాకుండా అడ్రస్‌గా ఉంటే, ఉదాహరణకు `sw x11, 0(x5)` అయితే, అది ఎగ్జిక్యూట్‌లోనే కావాలి. అక్కడ ఆగాల్సిందే.

మూడో సందర్భానికి ఐదు స్టేజీల పైప్‌లైన్‌లో మందు లేదు. లింక్డ్ లిస్ట్‌లో నడక:

```
loop: lw   x10, 4(x10)
      bne  x10, x0, loop
```

ప్రతి నోడ్‌లో తర్వాతి నోడ్ అడ్రస్ ఉంటుంది. ఒక లోడ్ తెచ్చిన విలువే తర్వాతి లోడ్‌కు అడ్రస్, ఆ మధ్యలో బ్రాంచ్‌కూ అదే కావాలి. జరపడానికి ఇంకో లైనే లేదు. బ్రాంచ్ నిర్ణయం ఎగ్జిక్యూట్‌లో జరిగితే ప్రతి చుట్టులో ఒక స్టాల్. బ్రాంచ్‌ను త్వరగా తేల్చాలని ఆ పోలికను డీకోడ్‌లోకి తెచ్చిన డిజైన్ అయితే రెండు స్టాళ్లు, ఎందుకంటే విలువ కావాల్సిన సమయం ఒక సైకిల్ ముందుకు జరిగింది, పుట్టే సమయం మాత్రం మారలేదు. నోడ్లు లెక్కపెట్టే `addi x6, x6, 1` లాంటి లైన్ మధ్యలో ఉంటే ఒక్కొక్క సైకిల్ తగ్గుతుంది. మొదటి డిజైన్‌లో సున్నా, రెండోదాంట్లో ఒకటి.

ఇన్‌స్ట్రక్షన్ల వరుసను నడుస్తుండగానే తనే మార్చుకునే పెద్ద ప్రాసెసర్లలో కూడా ఈ గొలుసు తెగదు. అవి వెనక ఉన్న సంబంధం లేని పనిని ముందుకు లాగి చేసుకోగలవు, కానీ తర్వాతి నోడ్ అడ్రస్ తెలియకుండా దాన్ని చదవలేవు. వాటిలో మొదటి స్థాయి క్యాష్‌లో దొరికిన లోడ్‌కే నాలుగైదు సైకిళ్లు పడుతుంది. కాబట్టి ఒక్కో నోడ్‌కు కనీసం అంత సమయం ఖాయం. పైగా మనం ఇప్పటిదాకా వేసిన ఒక్క సైకిల్ లెక్కంతా డేటా క్యాష్‌లో ఉందన్న నమ్మకం మీద వేసింది. లేకపోతే మెమరీ స్టేజీ అక్కడే ఆగిపోతుంది, దాని వెనక మొత్తం పైప్‌లైన్ ఆగుతుంది. ఆ ఆలస్యం పదుల నుంచి వందల సైకిళ్లు. అలాంటి కోడ్‌లో లైన్ల వరుస మార్చుతూ కూర్చోవడం దండగ. నోడ్లను పక్కపక్కన అర్రేలో పెట్టి, అడ్రస్‌ను మెమరీ నుంచి తెచ్చుకోకుండా `addi x10, x10, 8`తో లెక్కగట్టేలా డేటానే మార్చుకోవాలి. `addi` ఫలితం ఎగ్జిక్యూట్ చివరికే పుడుతుంది కాబట్టి, తర్వాతి లోడ్‌కు కావాల్సిన అడ్రస్ ఫార్వార్డింగ్ దారిలోనే, ఆగకుండా అందుతుంది.